రెండేళ్లు దాటిన పాపకు పాలు మాన్పించడం: ఒక్కసారిగానా, మెల్లగానా?

పాప_అమ్మ: మా పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఉదయం లేవగానే, నేను ఆఫీసు నుంచి రాగానే, పడుకునే ముందు, రాత్రి ఒకటి రెండు సార్లు పాలు తాగుతుంది. తాగుతున్నంతసేపూ నాకు ఒళ్లంతా చిరాకుగా ఉంటోంది. అయినా మాన్పించాలని అనుకోగానే ఏడుపొస్తుంది. రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లివస్తే తనే మానేస్తుందని ఇంట్లో అంటున్నారు. అలా చేయవచ్చా?

సావిత్రమ్మ: వెళ్లిరా తల్లీ. మెల్లగా అంటూ నెలల తరబడి సాగదీస్తే ఇద్దరికీ బాధే. వెళ్లలేకపోతే చేదు రాసుకో. నా ముగ్గురు పిల్లలూ అలాగే మానేశారు. రొమ్ములు గట్టిపడితే గుడ్డ బిగించి కట్టుకో, రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒకసారి ఇచ్చి ఒకసారి కాదంటేనే పిల్ల మరీ ఏడుస్తుంది.

సునీత (తల్లిపాల సలహాదారు): సావిత్రమ్మ గారి చివరి మాట అక్షరాలా నిజం. గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని తెలిస్తే పిల్లలు గట్టిగానే ఏడుస్తారు. అందుకే కాదనేది ఒక్క పూట గురించే అయినా, దాని మీద నిలబడాలి. గుడ్డ బిగించడం మాత్రం వద్దు. పాలు నిలిచి వాపు, నొప్పి పెరుగుతాయి. తల్లి కనబడకుండా పోవడమూ నాకు సమ్మతం కాదు. పాలూ అమ్మా ఒకేసారి దూరమైతే పాపకు ఓదార్పు ఎక్కడ?

నేనైతే ఉదయం పూటతో మొదలుపెడతాను. పాప కంటే ముందే లేచి, పక్క మీద కాకుండా వేరే చోట ఉండండి. లేవగానే తినడానికి ఏదైనా చేతికివ్వండి. వారం రోజులు మిగతా పూటలను కదిలించకండి. ఆ తర్వాత సాయంత్రం. అప్పుడు పాపకు కావలసింది పాలకన్నా మీరే. కాబట్టి తను అడగకముందే ఎత్తుకొని, రోజూ పాలిచ్చే కుర్చీలో కూర్చోకుండా, కాసేపు తనతోనే ఉండండి. పడుకునే ముందు పాలు చివరికి. వాటిని ఒక్కసారిగా తీసేయకుండా, "పది లెక్కపెట్టే వరకే" అని మొదలుపెట్టకముందే చెప్పి, మొదట్లో మెల్లగా, తర్వాత తర్వాత త్వరగా లెక్కపెట్టండి. ఈ వయసు పిల్లలకు ఆ ఒప్పందం అర్థమవుతుంది. ఏడిస్తే "నీకు పాలు కావాలి, దొరకలేదని కోపంగా ఉంది కదూ" అని ఒడిలోనే ఉంచుకోండి. ఏడుపు ఆపడానికి పాలివ్వకండి, ఏడుస్తోందని దూరం పెట్టకండి.

పాప జబ్బుపడినా, ఇంట్లో పెద్ద మార్పు వచ్చినా ఉన్నచోటే ఆగండి. గోళ్లు కొరకడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, మిమ్మల్ని క్షణం వదలకపోవడం కొత్తగా మొదలైతే వేగం ఎక్కువైందని గుర్తు.

రాము: మా బాబుకు తొమ్మిది నెలలు. మేమూ ఇలాగే ఒక్కొక్క పూట తగ్గించి అన్నం పెడితే సరిపోతుందా?

సునీత: లేదండీ, మీది వేరే విషయం. ఏడాది నిండేవరకు పాలే ముఖ్యాహారం. తల్లిపాలు తగ్గించిన ప్రతి పూటా డబ్బాపాలు ఇవ్వాలి. పిల్లల డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

వెన్నెల: సునీత గారూ, రాత్రి పాలు చివరికి ఉంచడం నాకు సరిపడలేదు. నిద్ర లేకే నా చిరాకంతా. మా వాడికి ముందు రాత్రివే మాన్పించాం. నాలుగైదు రాత్రులు వాళ్ల నాన్న పక్కన పడుకొని నీళ్లు తాగించి జోకొట్టాడు. నేను నిద్రపోగలిగాక పగటి పూటలు అంత భారమనిపించలేదు. అసలు దెబ్బ అంతా అయిపోయాక తగిలింది. చివరిసారి పాలిచ్చిన వారానికి కారణం లేకుండా ఏడుపు, నిద్ర పట్టకపోవడం. దాని గురించి నాకెవరూ ముందుగా చెప్పలేదు.

సునీత: తండ్రి తోడుంటే మీ వరుస కూడా మంచిదే. ఏది మేలో ఆ ఇంటిని బట్టే. ఆ దిగులుకు శరీరంలోనూ కారణం ఉంది. పాలిచ్చేటప్పుడు ఊరే ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు తగ్గిపోతాయి. ఒక్కసారిగా మానేస్తే ఆ పడిపోవడమూ ఒక్కసారిగానే ఉంటుంది. నేను మెల్లగా అనేది పాప కోసమే కాదు. దిగులు రెండు వారాలు దాటినా, ఏ పనీ చేయలేనంతగా ఉన్నా డాక్టరును కలవాలి. రొమ్ము బరువెక్కితే హాయిగా అనిపించేంత మాత్రమే పిండి చల్లని గుడ్డ వేసుకోండి. మొత్తం పిండితే మళ్లీ ఊరుతాయి. ఒకచోట ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే ఆ రోజే చూపించుకోవాలి.

పాప_అమ్మ: ఉదయం పూటతోనే మొదలుపెడతాను. రాత్రి సంగతి మా ఆయనతో మాట్లాడాలి. ఒకటి అడగాలి: మాన్పించాక కూడా పాప చేయి నా గుండె మీద పెట్టి పడుకుంటానంటే ఒప్పుకోవచ్చా?

వెన్నెల: మా వాడికి ఒప్పుకున్నాను. కొన్నాళ్లకు తనే మరిచిపోయాడు.

సునీత: మీకు చిరాకు లేకపోతే ఒప్పుకోండి. ఉంటే మీ చేయి తనకు ఇవ్వండి. మీ ఒళ్లు మీదేనని పాపకు తెలియడంలో తప్పు లేదు.

సావిత్రమ్మ: గుడ్డ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ చేయి పెట్టనిస్తే మళ్లీ పాలు అడుగుతుంది తల్లీ, నా మాట విను.