స్లైసర్‌లో 80 మి.మీ. బుష్ 3.15 మి.మీ.గా కనిపిస్తోంది

పాలకొల్లు లేత్: రొయ్యల చెరువులోని ఏరియేటర్ షాఫ్టుకు బుష్ ముద్రించాలి. బయటి వ్యాసం 80 మి.మీ., లోపలి రంధ్రం 25 మి.మీ. మిత్రుడు పంపిన STL ఫైలు ప్రూసాస్లైసర్‌లో 3.15 మి.మీ. మాత్రమే చూపించింది. అంగుళానికి 25 అనుకుని 2500 శాతానికి పెంచి ముద్రించాను. ఇప్పుడు బయట 78.7 వస్తోంది, షాఫ్టు ఎక్కడం లేదు.

రావులపాలెం కటింగ్: నాకూ ఇదే జరిగిందండీ. లేజర్ కటింగ్‌కు వచ్చిన DXF ప్లేటు ఏకంగా 25 రెట్లు పెద్దదిగా తెరుచుకుంది. 25.4తో భాగించాక సరిపోయింది. మీరూ భాగించి చూడండి.

భీమవరం డిజైన్: కటింగ్ గారూ, మీది తిరగబడిన సమస్య, ఇక్కడ భాగిస్తే బుష్ ఆవగింజ అవుతుంది. పైగా DXFలో `$INSUNITS` అనే చోట ప్రమాణం రాసి ఉంటుంది. 1 ఉంటే అంగుళాలు, 4 ఉంటే మిల్లీమీటర్లు, 0 ఉంటే తెరిచే సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్లు అనుకుంటుంది. STLలో ఆ మాటే ఉండదు, అంకెలు మాత్రమే ఉంటాయి. మీ మిత్రుడు అంగుళాలలో ఎగుమతి చేశారు, 80ని 25.4తో భాగిస్తే 3.15 వస్తుంది కదా. మోడల్ మీద కుడి క్లిక్ చేసి `Convert from imperial units` ఎంచుకోండి, లేదా 2540 శాతం ఇవ్వండి. మీరు వదిలేసిన ఆ 0.4 వల్లనే 25 మి.మీ. రంధ్రం 24.6కు తగ్గింది.

అమలాపురం ప్రింట్: అంత లెక్క ఎందుకండీ, షాఫ్టు ఎక్కేదాకా ఒక్కొక్క శాతం పెంచుతూ పోతే చాలు. నేను అలాగే చేస్తాను.

భీమవరం డిజైన్: విడిగా ఉండే బొమ్మకైతే చెల్లుతుంది. ఇక్కడ రంధ్రంతోపాటు బయటి వ్యాసమూ పెరిగి, బుష్ తన గూటిలో పట్టదు.

పాలకొల్లు లేత్: 2540తో మళ్ళీ ముద్రించాను. బయట 80 సరిగ్గా వచ్చింది, రంధ్రం మాత్రం 24.8 దగ్గర ఆగింది. షాఫ్టు ఇప్పటికీ ఎక్కలేదు.

భీమవరం డిజైన్: ముద్రణలో రంధ్రాలు కొంచెం బిగుతుగా రావడం మామూలే. అయితే షాఫ్టును టేపుతో కొలిచారా, వెర్నియర్‌తో కొలిచారా?

పాలకొల్లు లేత్: టేపుతోనే. ఉప్పునీటి తుప్పును ఎమరీ కాగితంతో గీకి ఇప్పుడే వెర్నియర్ పెట్టాను, 25.38 చూపిస్తోంది. అంటే అది అంగుళం షాఫ్టే!

భీమవరం డిజైన్: అయితే ఇక స్కేలు ముట్టుకోవద్దు. మూల డిజైన్‌లో రంధ్రం ఒక్కటే 25.7కు మార్చి, STLను మిల్లీమీటర్లలో ఎగుమతి చేసి పంపమని మిత్రుణ్ణి అడగండి.

అమలాపురం ప్రింట్: 25.7 అంటే వదులుగా ఆడుతుందండీ, 25.5 చాలు.

భీమవరం డిజైన్: మీ యంత్రంలో చాలవచ్చు. ఆయన యంత్రం రంధ్రాన్ని 0.2 తగ్గిస్తోంది కదా. ముందు 5 మి.మీ. మందంలో రింగు ఒకటి ముద్రించి, షాఫ్టుకు తొడిగి చూస్తే తేలుతుంది.

పాలకొల్లు లేత్: రెండు కొలతల్లోనూ రింగులు ముద్రిస్తున్నాను.