భువనేశ్వర్ నుంచి హైదరాబాద్‌కి స్లీపర్ బస్సా, రైలా?

నాగావళి ఒడ్డు: మాది శ్రీకాకుళం. తమ్ముడు భువనేశ్వర్‌లో చదువుతున్నాడు. శుక్రవారం పొద్దున 10కి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. బుధవారం బయలుదేరాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌లో వెయిటింగ్ 34, ఫలక్‌నుమాలో 21. స్లీపర్ బస్సులో బెర్త్ ఉంది. ఏది తీయమంటారు?

పాలకొండ రోడ్డు: బస్సు తీసెయ్. వెయిటింగ్ టికెట్ నమ్ముకునే నేను ఉద్యోగంలో చేరాల్సిన రోజు దాటించుకున్నాను. చార్టు వచ్చాక టికెట్ రద్దయింది, డబ్బు తిరిగొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. బస్సులో డబ్బు కట్టిన నిమిషానికే బెర్త్ నీది.

కోట జంక్షన్ టీచర్: 2013లో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అదే జరిగింది. బస్సు కింద బైకు ఇరుక్కుని నిప్పంటుకుంది, తలుపు తెరుచుకోలేదు. రెండూ హైదరాబాద్, బెంగళూరు మధ్య రాత్రి తిరిగే బస్సులే. పిల్లాణ్ణి అలాంటి పెట్టెలో ఎక్కించకండి. రైల్లో ఆ భయం లేదు.

ఆమదాలవలస వాసి: శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి రాత్రిపూట టౌనుకి ఆటోవాళ్లు అడిగేదే రేటు. ఆ గొడవ లేకుండా బస్సు హైవే మీద దింపేస్తుంది.

నాగావళి ఒడ్డు: తమ్ముడు ఇక్కడ దిగడండీ, నేరుగా హైదరాబాద్ వెళ్తాడు.

పాత బుకింగ్ క్లర్కు: బాబూ, 34 కంటే 21 మంచిదని అనుకోకు. ఆ నంబర్ల ముందు ఏ అక్షరాలున్నాయో చూడు.

నాగావళి ఒడ్డు: విశాఖకి GNWL, ఫలక్‌నుమాకి RLWL అని ఉంది మామయ్యా.

పాత బుకింగ్ క్లర్కు: అయితే 34కే ఆశ ఎక్కువ. విశాఖ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్‌లోనే బయలుదేరుతుంది, ఎక్కువ బెర్తులు అక్కడి కోటాలోనే ఉంటాయి, రద్దయ్యేవీ ఎక్కువే. ఫలక్‌నుమా హౌరా నుంచి వస్తుంది. మధ్య స్టేషన్లకి ఇచ్చిన చిన్న కోటాలో ఎవరైనా రద్దు చేసుకుంటేనే ఆ 21 కదులుతుంది. RAC దాకా వచ్చినా చాలు, పక్క బెర్తులో సగం ఇస్తారు, ఎక్కవచ్చు. మంగళవారం 11 గంటలకి స్లీపర్ తత్కాల్ తెరుస్తారు, అదీ ప్రయత్నించు. రైలు పొద్దున బయలుదేరేది కాబట్టి చార్టు మంగళవారం రాత్రే వస్తుంది. అప్పటికీ తేలకపోతే బుధవారం సాయంత్రం బస్సు ఉండనే ఉంది. గురువారానికల్లా చేరిపోతాడు.

పాలకొండ రోడ్డు: అప్పటిదాకా బస్సులో బెర్త్ ఉంటుందని ఎవరు రాసిచ్చారు? ఖాయంగా ఉన్నదాన్ని వదిలి ఆశ పట్టుకోమంటారేటి? టీచరమ్మ గారూ, రైల్లో భయం లేదన్నారు. మీ జిల్లాలోనే 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. మర్చిపోయారా?

కోట జంక్షన్ టీచర్: మర్చిపోలేదు. మా వీధి వాళ్లు రాత్రంతా ఆసుపత్రి దగ్గరే ఉన్నారు. దాన్ని మాట గెలవడానికి తీసుకురావద్దు. వెయ్యి కిలోమీటర్లకి పైగా రోడ్డు, రాత్రంతా స్టీరింగ్ ఒక్కడి చేతిలో. వాడు ఒక్క క్షణం కునుకు తీస్తే అందరి పనీ అయిపోయినట్టే. రైలుకి సిగ్నళ్లు చూసేవాళ్లు, స్టేషన్ల వాళ్లు ఎంతోమంది ఉంటారు.

పాలకొండ రోడ్డు: ఎంతోమంది ఉండీ కంటకాపల్లి జరిగింది కదా. మీకు జీతం నెలనెలా వస్తుంది. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమవుతుందో మీకు తెలీదు.

కోట జంక్షన్ టీచర్: నా జీతం సంగతి మీకెందుకండీ?

ఇచ్ఛాపురం కుర్రాడు: నేను ఈ దారిలో బస్సులోనే వెళ్తుంటాను. టికెట్ తీసేముందు రెండో డ్రైవర్ ఉన్నాడా, ఎక్కడ మారతారు అని అడుగుతా. సరిగ్గా చెప్పకపోతే ఆ బస్సు ఎక్కను. ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, దానికి అడ్డంగా సామాను పెట్టారేమో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకుంటా. వీలైతే కింది బెర్తే తీసుకుంటా.

పాత బుకింగ్ క్లర్కు: ఇంతకీ తమ్ముడు ఏమంటున్నాడు?

నాగావళి ఒడ్డు: వాడు బస్సే అంటున్నాడు. దిగే చోటికి స్నేహితుడి రూము దగ్గరట. అమ్మ మాత్రం చిన్నటేకూరు వార్త చూసినప్పటి నుంచి బస్సు మాటెత్తనివ్వడం లేదు. బస్సెక్కితే ఆ రాత్రంతా ఆవిడ నిద్రపోదు. అందుకే ఇక్కడ అడిగాను.

పాలకొండ రోడ్డు: అదీ సంగతి. ఇరవై దాటిన మనిషి. ఇంటర్వ్యూ వాడిది, ఎందులో వెళ్లాలో వాడే తేల్చుకోవాలి. అమ్మకి ధైర్యం చెప్పడం నీ పని.

కోట జంక్షన్ టీచర్: అమ్మ భయాన్ని లెక్కలోంచి తీసేసే హక్కు మీకు ఎవరిచ్చారు? నేనూ తల్లినే. రైలెక్కితే ఆవిడ ఆ రాత్రి కాస్త కన్ను మూస్తుంది, అది చాలదా?

నాగావళి ఒడ్డు: మంగళవారం చార్టు దాకా చూస్తాను. బస్సు బెర్త్ ఇప్పుడే తీసి, రైలు ఖాయమైతే రద్దు చేసుకోవచ్చా? ఎంత కోస్తారు?

ఇచ్ఛాపురం కుర్రాడు: ఒక్కో బస్సుకి ఒక్కోలా ఉంటుంది అన్నా. బయలుదేరే సమయం దగ్గరపడేకొద్దీ ఎక్కువ కోస్తారు. మంగళవారం రాత్రి రద్దు చేస్తే ఎంత వెనక్కి వస్తుందో బుకింగ్ పేజీలోనే రాసి ఉంటుంది, డబ్బు కట్టేముందు చూడు.