బడి‘కి’ వెళ్తే డేటివ్ ఎందుకు కాదు? తెలుగు విభక్తులతో జర్మన్ కేసులు పట్టుకోవచ్చా?

రమ్య: రెండు నెలల్లో బీ1 పరీక్ష. ‘ఇష్ గేహె ఇన్ డేర్ షూలె’ అని రాస్తే మా మేడం ఎర్రగీత పెట్టారు. బడి‘కి’ కాబట్టి డేటివ్ అనుకుని డేర్ వేశాను. మా అక్క తెలుగుతో పోల్చుకోమంటుంది. క్లాసులో వాళ్లు ఆర్టికల్ పట్టిక బట్టీ పట్టమంటున్నారు. ఏది పట్టుకోను?

కిరణ్: మీ అక్క మాటే వినండి. నేను అలాగే పాసయ్యాను. నాకు నచ్చింది అంటే ‘మియర్ గెఫెల్ట్’, నాకు చలిగా ఉంది అంటే ‘మియర్ ఇస్ట్ కాల్ట్’, అమ్మకి సాయం చేస్తాను అంటే ‘ఇష్ హెల్ఫె డేర్ ముటర్’. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాళ్లు వీటి దగ్గర తడబడతారు, మనకి పుట్టుకతో వచ్చినవే. కు అంటే డేటివ్, ను అంటే అక్యుజేటివ్. అంతే.

పద్మజ: పదకొండేళ్లుగా జర్మన్ చెబుతున్నాను. కిరణ్ గారి మూడు వాక్యాలూ సరైనవే, సూత్రమే అంత దూరం రాదు. మన ‘కి’ రెండు పనులు చేస్తుంది. అమ్మకి ఇచ్చాను అన్నప్పుడు పుచ్చుకునే మనిషిని చూపిస్తుంది, అక్కడ డేటివ్ కుదురుతుంది. బడికి వెళ్లాను అన్నప్పుడు చేరే చోటుని చూపిస్తుంది. జర్మన్‌లో ‘ఇన్’ తర్వాత చేరే చోటు అక్యుజేటివ్, ఉన్న చోటు డేటివ్. అందుకే వెళ్తే ‘ఇన్ డీ షూలె’, అక్కడే ఉంటే ‘ఇన్ డేర్ షూలె’. రమ్యా, నీ తప్పు సరిగ్గా ఇక్కడే.

ఈ వాక్యం చూడు: ఆదివారం తమ్ముడితో పార్కుకి వెళ్తాను, పార్కులో ఒక స్నేహితుణ్ణి కలుస్తాం. ‘మిట్’ వచ్చిందంటే ఎప్పుడూ డేటివే, కాబట్టి ‘మిట్ మైనెమ్ బ్రూడర్’. పార్కుకి, ‘ఇన్ డేన్ పార్క్’. పార్కులో, ‘ఇమ్ పార్క్’. కలిసే మనిషి, ‘ఐనెన్ ఫ్రొయిండ్’. ఇప్పుడు పార్కు తీసేసి డాక్టరు దగ్గరికి అను. ‘ట్సూ’ వస్తుంది, అది డేటివే కోరుతుంది, ‘ట్సూమ్ ఆర్ట్స్ట్’. తెలుగులో రెండు చోట్లా ‘కి’ అనే అన్నాం, జర్మన్‌లో కేసు మారిపోయింది. కేసుని నిర్ణయించింది ముందున్న చిన్నమాట.

సూర్యనారాయణ: ఒక చిన్న మాట అమ్మా. డేటివ్ అంటే మన చతుర్థే అని ఎవరైనా అనుకునేరు, కాదు. మన వ్యాకరణంలో కొఱకున్, కై చతుర్థి. కిన్, కున్ షష్ఠిలో ఉంటాయి.

పద్మజ: నిజమే మాస్టారూ. అందుకే నేను క్లాసులో ఆ పేర్లు వాడను. రమ్య అడిగింది పేరు గురించి కాదు, ఆర్టికల్ గురించి.

అనూష: నేను ఇక్కడ జర్మనీలో ఆసుపత్రిలో నర్సుని. రాయడంలో తప్పులు జనం సర్దుకుంటారు, వినడంలోనే దెబ్బ తిన్నాను. సహోద్యోగి ‘డేర్ పట్సియెంటిన్ హిల్ఫ్ట్ డీ టోఖ్టర్’ అంది. డేర్ వినగానే కర్త అనుకుని, పేషెంటే కూతురికి సాయం చేస్తోందని అర్థం చేసుకున్నాను. పేషెంటు ఆడమనిషి, కాబట్టి అక్కడ డేర్ డేటివ్. సాయం చేసేది కూతురు. డేర్ అంటే పుంలింగమే అని పట్టికలో మొదటి గడి ఒక్కటే తలకెక్కించుకున్న ఫలితం అది.

కిరణ్: అది వాక్యక్రమం సమస్య. పరీక్షలో అలాంటివి రావు.

పద్మజ: చదివే భాగంలో రావచ్చండీ. కర్త ముందే ఉండాలన్న నియమం జర్మన్‌లో లేదు. తెలుగు నుంచి వచ్చే ఇంకో రెండు తప్పులు చెబుతాను, నేను దిద్దిన కాగితాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. టేబుల్ కొన్నాను అంటాం, ‘ను’ పెట్టం. ఆ అలవాటుతో ‘ఐన్ టిష్’ అని రాస్తారు, ‘ఐనెన్ టిష్’ కావాలి. అక్యుజేటివ్‌లో ఆర్టికల్ మారేది పుంలింగ ఏకవచనానికే, కాబట్టి కాపలా అక్కడే పెట్టు. రెండోది ఫోన్. మనం అతనికి ఫోన్ చేస్తాం. జర్మన్‌లో ‘ఆన్‌రూఫెన్’ అక్యుజేటివ్, కాబట్టి ‘ఈమ్’ కాదు, ‘ఈన్’.

కిరణ్: ఇవి మినహాయింపులు. గోథె బీ1లో వ్యాకరణానికి వేరే భాగమే లేదు, మెయిల్ అర్థమైతే చాలు.

పద్మజ: వేరే భాగం లేదు, కానీ రాసిన దాంట్లో వాక్యనిర్మాణానికీ మార్కులుంటాయి. టెల్క్ బీ1 అయితే ‘ష్ప్రాఖ్‌బౌష్టైనె’లో 20 ఖాళీలు నింపాలి, అక్కడ అర్థమైతే చాలదు. రమ్యా, నీది ఏ పరీక్ష?

రమ్య: టెల్క్ మేడం. అయితే క్రియనీ దాని కేసునీ కలిపి రాసుకుంటాను. ఒక్క సందేహం. ‘ఇష్ హెల్ఫె డేన్ కిండర్న్’ అని పుస్తకంలో ఉంది. హెల్ఫెన్ డేటివ్ కదా, డేన్ ఎలా వచ్చింది?

అనూష: పిల్లలు బహువచనం చెల్లీ. బహువచన డేటివ్ కూడా డేనే. ‘కిండర్’ చివర ‘న్’ చేరింది చూడు, అదే గుర్తు.

కిరణ్: పిల్లలకి సాయం చేస్తాను. ‘కి’ ఉంది, డేటివ్ వచ్చింది. నా సూత్రం ఇక్కడా నిలబడింది మరి!