నోటీసు గడువు దాటిన చెక్కు: మళ్లీ బ్యాంకులో వేయొచ్చా?

మలక్‌పేట్ వ్యాపారి: చేబదులు కింద 3 లక్షల చెక్కు, తేదీ మార్చి 5. డబ్బు లేదని మార్చి 12న రిటర్న్ మెమో చేతికొచ్చింది. వారంలో ఇస్తానని నాన్చుతూ వచ్చాడు. ఇవాళ ఏప్రిల్ 16. కేసు పోయినట్టేనా?

పాతబస్తీ శ్రీను: పోయినట్టే. మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. ఏప్రిల్ 11తో అయిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగొచ్చు, అదొక్కటే దారి.

నాంపల్లి గుమాస్తా: శ్రీనుగారు తేదీ సరిగ్గానే లెక్కకట్టారు, దారి మాత్రం తప్పు చెప్పారు. కోర్టు మన్నించగలిగేది ఫిర్యాదు ఆలస్యాన్నే, నోటీసు ఆలస్యాన్ని కాదు. అయితే చెక్కు చెల్లుబాటు మూడు నెలలు, ఇంకా జూన్ దాకా ఉంది. మళ్లీ వేయండి. మొదటిసారి వదిలేసినా రెండో రిటర్న్ మీద కేసు వేయొచ్చని ఎంఎస్‌ఆర్ లెదర్స్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కుదరదన్న 1998 తీర్పును అప్పుడే పక్కన పెట్టింది. పాత పుస్తకాలు చూసి చెప్పేవాళ్లు ఇంకా అక్కడే ఆగిపోయారు.

ఏప్రిల్ 22న కొత్త మెమో అందిందనుకోండి. నోటీసుకు మే 22 దాకా టైముంటుంది. అది అతనికి మే 2న అందితే, కట్టడానికి మే 17 దాకా 15 రోజులు. చెక్కు తిరిగొచ్చినంత మాత్రాన నేరం కాదు, ఆ 15 రోజుల్లోనూ కట్టకపోతేనే సెక్షన్ 138 కింద నేరం. మే 17 లోపే ఫిర్యాదు వేస్తే తొందరపడ్డారని కొట్టేస్తారు. మే 18 తర్వాత వేయండి, జూన్ 17 దాటనివ్వకండి. నాంపల్లా, ఎల్బీనగరా అన్నది మీ ఖాతా ఉన్న బ్రాంచిని బట్టి.

కూకట్‌పల్లి లక్ష్మి: మా అద్దెదారు ఫోన్‌పేలో సగం వేసి, నోటీసు తీసుకోకుండా తలుపు వేసుకున్నాడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలా?

నాంపల్లి గుమాస్తా: ఇది స్టేషన్ పని కాదమ్మా, నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరే ఫిర్యాదు. సరైన అడ్రసుకు స్పీడ్ పోస్ట్ వెళ్లి ‘డోర్ లాక్’ అని తిరిగొచ్చినా అందినట్టే లెక్కిస్తారు. ఆ కవరు విప్పకుండా దాచండి.

మలక్‌పేట్ వ్యాపారి: సగం అంటే గుర్తొచ్చింది. మొన్న నాకూ 40 వేలు వేశాడు.

నాంపల్లి గుమాస్తా: ముందే చెప్పాల్సింది! ఇప్పుడు 3 లక్షలకు వేస్తే కేసు నిలవదు. కొంత ముట్టినప్పుడు ఆ సంగతి చెక్కు మీద రాసి మిగతాకే వేయాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

పాతబస్తీ శ్రీను: చెక్కు మీద రాస్తే కౌంటర్‌లో తీసుకుంటారా? దిద్దుబాటని వెనక్కి ఇస్తారు.

నాంపల్లి గుమాస్తా: అదీ నిజమే. 2 లక్షల 60 వేలకు కొత్త చెక్కు అడగడం మేలు.

మలక్‌పేట్ వ్యాపారి: ఇవ్వనంటే?

పాతబస్తీ శ్రీను: అప్పుడు సివిల్ దావా. దానికి మూడేళ్లుంది.

నాంపల్లి గుమాస్తా: దావా ఎటూ ఉంటుంది. ముందు మీ బ్రాంచి మేనేజర్‌ను అడగండి, రాసిన చెక్కు తీసుకుంటారేమో. కాదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.