మీటింగ్‌కు పది నిమిషాల ముందు లింకు మార్చవచ్చా, మార్చకూడదా?

కొండాపూర్ కార్యదర్శి
మా అపార్ట్‌మెంట్ సంఘం సర్వసభ్య సమావేశం ఆదివారం ఉదయం 9 గంటలకు జూమ్‌లో పెట్టాం. 8:48కి తెరవబోతే సంఘం ఖాతాలో మా సాంస్కృతిక కమిటీ వాళ్ళ రిహార్సల్ నడుస్తోంది. వాళ్ళెవరూ ఫోన్ ఎత్తలేదు. గూగుల్ మీట్‌లో కొత్త లింకు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 62 మందిలో 40 మంది వచ్చారు, మిగతావాళ్ళు పాత లింకు దగ్గరే ఉండిపోయారు. 9:10కల్లా లిఫ్టు మరమ్మతు చందా మీద ఓటింగ్ కూడా అయిపోయింది. ఆలస్యమైనా పాత లింకుతోనే ఉండాల్సిందని అధ్యక్షులు అంటున్నారు, మార్చక తప్పలేదని నేనంటున్నాను. మీరేమంటారు? మార్చాల్సి వస్తే అందరికీ వెంటనే తెలిసేదెలా?

పద్మజ
మార్చడంలో తప్పేం లేదండీ, చెప్పిన పద్ధతిలోనే ఉంది తేడా. వాట్సాప్‌లో రోజూ వచ్చే గుడ్ మార్నింగ్‌ల మధ్య మీ లింకును ఎవరు వెతుక్కుంటారు? గూగుల్ క్యాలెండర్‌లో ఆహ్వానం పంపే ఉంటారుగా. అందులో లింకు మార్చి సేవ్ చేస్తే, సభ్యులకు మెయిల్ పంపమంటారా అని అదే అడుగుతుంది. Send నొక్కితే పని అయిపోతుంది, వాళ్ళ క్యాలెండర్‌లోనూ మారిపోతుంది. మా ఆఫీసులో ఎప్పుడూ ఇంతే. ఇంకెక్కడా పెట్టనక్కర్లేదు.

లెక్కల మాస్టారు
ఇంత చర్చ ఎందుకండీ. ఉచిత జూమ్ 40 నిమిషాలకు కట్ అవుతుంది. కట్ అయ్యాక హోస్ట్ మళ్ళీ మొదలుపెడితే అందరూ అదే లింకుతో తిరిగి లోపలికొస్తారు. మా ట్యూషన్ అలాగే నడుపుతాను, కొత్త లింకు అవసరమే రాలేదు.

కొండాపూర్ కార్యదర్శి
మాస్టారూ, మాది మధ్యలో కట్ అవ్వలేదు, అసలు మొదలే కాలేదు. పద్మజ గారూ, మా సభ్యుల్లో మెయిల్ చూసేవాళ్ళు సగం కూడా ఉండరు.

శ్రీను, డల్లాస్
పద్మజ గారు చెప్పినట్టే చేసి మా వాళ్ళు నన్ను ముంచారు. నాకు హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంది. అక్కడ ఆదివారం పొద్దున 9 అంటే ఇక్కడ వేసవిలో శనివారం రాత్రి 10:30. పిల్లలు పడుకుంటారు, ఫోన్‌లో వాట్సాప్‌ను సైలెంట్‌లో పెడతాను, ల్యాప్‌టాప్‌లో క్యాలెండర్ చూసే లోపలికి వెళ్తాను. ఓసారి మీట్ నుంచి జూమ్‌కు మార్చి, కొత్త లింకు ఆహ్వానం కింద వివరణలో రాశారు. పైనున్న Join with Google Meet అన్న పెద్ద బటన్ మాత్రం అలాగే ఉంది. ఎవరైనా దాన్నే నొక్కుతారు కదా. ఖాళీ గదిలో ఒక్కణ్ణే ఇరవై నిమిషాలు కూర్చున్నాను.

పద్మజ
అయితే ఆ బటన్ తీసేయాలి, అంతే కదా! క్యాలెండర్ తప్పేముంది అందులో?

తెర వెనుక
ఆన్‌లైన్ సభలు నడిపించడమే నా పని. పద్మజ గారు చెప్పింది సగం నిజం. ఒకే ఆఫీసులో అందరూ ఒకే క్యాలెండర్ వాడుతుంటే అదే బాగా పనిచేస్తుంది, అదీ పాత కాన్ఫరెన్స్ బటన్ తీసేస్తేనే. అపార్ట్‌మెంట్ సంఘంలో ఒకరికి అబ్బాయి ఆహ్వానాన్ని ఫార్వర్డ్ చేసుంటాడు, ఇంకొకరు టైము చూసి సొంతంగా రాసుకుని ఉంటారు. మీ మార్పు వాళ్ళ దాకా చేరదు.

అసలు ప్రశ్నకు వస్తే, నేను ముందు చూసేది పాత గది తెరుచుకునే అవకాశం ఉందా లేదా అన్నది. ఉంటే పది నిమిషాలు ఆలస్యమైనా మార్చను. మీ విషయంలో అవకాశం లేదు. అలాంటి ఖాతాలో ఒకసారికి ఒకటే మీటింగ్ నడుస్తుంది. మీ పాత లింకు నొక్కినవాళ్ళకు The host has another meeting in progress అని కనిపించి ఉంటుంది. రిహార్సల్ ఎప్పుడు ముగుస్తుందో తెలియనప్పుడు మార్చడమే సరైనది. అధ్యక్షుల వారితో నేను ఏకీభవించను.

కానీ జూమ్ నుంచి మీట్‌కు వెళ్ళకుండా ఉండాల్సింది. లింకు మారితే జనం ఒకసారి తడబడతారు. యాప్ కూడా మారితే పెద్దవాళ్ళు అక్కడే ఆగిపోతారు. కమిటీలో ఇంకెవరిదైనా ఉచిత జూమ్ ఖాతాతో కొత్త మీటింగ్ తెరిస్తే సరిపోయేది. 40 నిమిషాలకు కట్ అయితే మాస్టారు చెప్పిన చిట్కా అప్పుడు పనికొస్తుంది. మీట్‌కే వెళ్ళాల్సి వస్తే, ఉచిత ఖాతాలో ముగ్గురు దాటితే గంటే పరిమితి. పైగా హోస్ట్ కంట్రోల్స్‌లో ప్రవేశాన్ని Open చేయకపోతే మీరు పిలవనివాళ్ళు ఒక్కొక్కరూ తలుపు తడతారు. అనుమతించడానికే కార్యదర్శి చేయి సరిపోతుంది.

ఇక చెప్పే క్రమం. కొత్త గది తెరిచి, వేరే ఫోన్ నుంచి, ఆ ఖాతాతో లాగిన్ కాకుండా, ఒకసారి లోపలికి వెళ్ళి చూడాలి. దీనికి ఒక నిమిషం పడుతుంది, దీన్ని మాత్రం మానకూడదు. పనిచేయని లింకు పెట్టి రెండోసారి మళ్ళీ మారిస్తే మూడో సందేశాన్ని ఎవరూ నమ్మరు. ఆ తర్వాతే గ్రూపులో ఒకే ఒక సందేశం:

«ఈరోజు 9 గంటల సర్వసభ్య సమావేశం పాత లింకులో జరగదు. ఈ లింకులోకి రండి: (లింకు). 9:10కి మొదలవుతుంది. ఓటింగ్ 9:25కి ముందు ఉండదు. – కార్యదర్శి»

టైము జరిపామన్న మాట సందేశంలోనే ఉండాలి. ఆ మాట లేకపోతే పాత లింకు దగ్గర ఉన్నవాళ్ళకు సమావేశం అయిపోయిందేమోనని టెన్షన్, కొత్త గదిలోకి వచ్చినవాళ్ళకు మొదలుపెట్టమని తొందర. పాత లింకున్న సందేశాన్ని అందరికీ కనిపించకుండా డిలీట్ చేయండి. వాట్సాప్‌లో ఎడిట్ చేసే వీలు పంపిన 15 నిమిషాల దాకానే ఉంటుంది, డిలీట్‌కు రెండు రోజులకు పైగా గడువుంది. అంతకంటే ముందే పంపేసి ఉంటే కొత్త సందేశాన్ని పిన్ చేయండి.

సర్వర్ గది
ఇదంతా చేతి కష్టం. సంఘానికి వెబ్‌సైట్ ఉంటే /meeting అనే చిరునామా ఒకటి పెట్టుకోండి. సభ్యులకు ఎప్పుడూ అదే ఇవ్వండి. అసలు గది మారితే వెనకాల nginx సెట్టింగుల్లో ఒక లైను మార్చితే చాలు:

```
location = /meeting {
    return 302 https://meet.google.com/xxx-xxxx-xxx;
}
```

ఇక్కడ 302 అనే ఉండాలి. 301 పెడితే బ్రౌజర్ దాన్ని శాశ్వతమనుకుని గుర్తుపెట్టుకుంటుంది. మీరు ఎన్నిసార్లు మార్చినా, నిన్న ఓసారి నొక్కినవాళ్ళు నిన్నటి గదికే పోతారు. ఇది ఉంటే ఇక సందేశమే అక్కర్లేదు.

తెర వెనుక
చిరునామా ఆలోచన బాగుంది, నేనూ వాడతాను. సందేశం అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. 8:45కే నొక్కి పాత గది బయట కూర్చున్నవాణ్ణి ఆ లైను లేపి తీసుకురాదు. త్వరగా వచ్చినవాళ్ళే అక్కడ ఇరుక్కుపోతారు, పాపం.

రాజేశ్వరి, విజయవాడ
మరో సంగతి ఎవరూ అనట్లేదు. చివరి నిమిషంలో వచ్చిన కొత్త లింకు నొక్కొద్దని మా నాన్నగారికి నేనే నేర్పించాను. సైబర్ మోసాల రోజులివి. ఆయన సంఘం మీటింగ్ లింకు ఇలాగే మారితే నొక్కలేదు, నాకు ఫోన్ చేశారు. నేను క్లాసులో ఉన్నాను. మరి ఆయన చేసింది తప్పా?

తెర వెనుక
ఏ మాత్రం తప్పు కాదండీ. అందుకే రెండో సాక్ష్యం ఇవ్వాలి. గ్రూపులో సందేశం, పాత గదిలోంచి అదే మాట. మామూలుగా అయితే ఒక మనిషిని పాత గదిలో కూర్చోబెడతాం. అతను కొత్త లింకును చాట్‌లో ఒకసారి పెట్టి ఊరుకుంటే చాలదు. జూమ్‌లో ఆలస్యంగా వచ్చినవాళ్ళకు మామూలుగా అంతకు ముందు చాట్ కనిపించదు, మీట్‌లో కూడా అంతే. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా మళ్ళీ అంటించాలి, నోటితోనూ చెప్పాలి.

కొండాపూర్ వారి గది అసలు తెరుచుకోలేదు కాబట్టి అక్కడ మనిషి ఉండే వీల్లేదు. అప్పుడు జూమ్ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి, మీటింగ్ పేరునే «లింకు మారింది, వాట్సాప్ చూడండి» అని మార్చవచ్చు. బయట వేచి ఉండే పేజీలో మీటింగ్ పేరు కనిపిస్తుంది. అప్పటికే కూర్చున్నవాళ్ళ తెర మీద మారుతుందన్న భరోసా లేదు, తర్వాత వచ్చేవాళ్ళకు మాత్రం ఉపయోగం. కంగారులో పాస్‌కోడ్ మార్చకండి, మీటింగ్ డిలీట్ చేయకండి. డిలీట్ చేస్తే మీటింగ్ ఐడీ చెల్లదని చూపిస్తుంది, తమ ఫోనులోనే లోపం ఉందనుకుని వెళ్ళిపోతారు.

ఆ తర్వాత ఫోన్లు. 22 మంది రాలేదన్నారు. గ్రూపులో మీ సందేశాన్ని నొక్కి పట్టి ఇన్ఫో చూస్తే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో పేర్లతో ఉంటుంది. బ్లూ టిక్కులు ఆపేసుకున్నవాళ్ళవి కూడా గ్రూపులో కనిపిస్తాయి. చదివీ రానివాళ్ళు దారిలో ఉన్నట్టే, చదవనివాళ్ళకే ఫోన్ చేయాలి. 22 మందీ చదవలేదనుకున్నా, ముగ్గురు పంచుకుంటే తలా ఏడెనిమిది. అర నిమిషం చొప్పున నాలుగు నిమిషాల పని. రాజేశ్వరి గారి నాన్నగారికి కూడా తెలిసిన గొంతు వింటేనే ధైర్యం.

సర్వర్ గది
ఫోన్ల బదులు బల్క్ ఎస్సెమ్మెస్?

తెర వెనుక
అప్పటికప్పుడు కుదరదు. మన దగ్గర ఆ సందేశాల నమూనా డీఎల్‌టీ అనే టెలికాం నమోదు వ్యవస్థలో ముందే నమోదై ఉండాలి. 2024 అక్టోబర్ నుంచి అందులోని లింకు కూడా ముందే అనుమతి పొందినదై ఉండాలి. అయిదు నిమిషాల క్రితం పుట్టిన మీట్ లింకు ఆ దారిలో వెళ్ళదు.

కొండాపూర్ కార్యదర్శి
ఇవన్నీ ఈసారి రాసిపెట్టుకుంటాం. కానీ జరిగిన ఓటింగ్ సంగతేంటి? 32 మంది చందాకు అనుకూలం. రాని 22 మందీ వ్యతిరేకించినా తీర్మానం నెగ్గేదే కదా, మళ్ళీ పెట్టక్కర్లేదని నా వాదన.

రాజేశ్వరి, విజయవాడ
లెక్క సరే. కానీ వాళ్ళు వచ్చి మాట్లాడి ఉంటే ఆ 32 మందీ అలాగే ఓటేసేవారని ఎవరు చెప్పగలరు? తలుపు మార్చింది మీరు, బయట ఉండిపోయింది వాళ్ళు.

తెర వెనుక
నేను మళ్ళీ పెట్టమనే అంటాను. కంపెనీల సర్వసభ్య సమావేశాలకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2020 ఏప్రిల్ 8 సర్క్యులర్‌లో ఒక నియమం పెట్టింది. చేరే సదుపాయం నిర్ణీత సమయానికి కనీసం 15 నిమిషాల ముందు తెరవాలి, ఆ సమయం దాటాక 15 నిమిషాల దాకా మూయకూడదు. మీ సంఘానికి అది వర్తించదు, మీ బైలాస్‌లో ఏముందో అదే మీకు చట్టం. కొలమానంగా చూసినా, మారిన లింకు మీద 9:10కే ఓటింగ్ ముగించడం తొందరే.

పద్మజ
ఇందులో మాత్రం నేను కార్యదర్శి గారి పక్షం. 32 మంది అవునన్నదాన్ని ఆపితే లిఫ్టు ఎవరు బాగుచేయిస్తారు?

శ్రీను, డల్లాస్
మళ్ళీ ఓటింగ్ పెట్టినా పెట్టకపోయినా, ఆ ఫోన్ల జాబితాలో విదేశాల్లో ఉన్నవాళ్ళ నంబర్లు చేర్చండి సార్. వాట్సాప్ సైలెంట్‌లో ఉంటే దాని కాల్ మోగదు, మామూలు కాల్ చేయాలంటే ఐఎస్‌డీ ఉన్న ఫోన్ కావాలి. మీ ముగ్గురిలో ఎవరికుంది?