1.8 బండ్లను 2 బండ్లుగా రాసుకుంటే తప్పేమిటి?

వైట్‌ఫీల్డ్ అనూష: మా కూరగాయల సరఫరాకు బండ్లు కొనాలి. మొత్తం 18 లక్షలు ఉన్నాయి. పెద్ద బండి 10 లక్షలు, 150 క్రేట్లు పడతాయి. చిన్న బండి 6 లక్షలు, 85 క్రేట్లు పడతాయి. ఎక్కువ క్రేట్లు మోయాలని, ఇలాంటి లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్ సాల్వర్‌ను అడిగితే పెద్దవి 1.8, చిన్నవి 0, మొత్తం 270 క్రేట్లు అని చెప్పింది. దీన్ని రౌండ్ చేసి వాడుకోవచ్చా?

పీన్యా శేషు: నిస్సందేహంగా వాడుకోవచ్చు. నేను ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల నుంచి డిపోలకు సరుకు పంపే లెక్కలు ఇలాగే చేస్తున్నాను. సాల్వర్ ఎప్పుడైనా భిన్నం ఇస్తే దగ్గరి అంకె వేసుకుంటాం. 1847.6 పెట్టెలు అని వస్తే 1848 అని రాసినందువల్ల ఎవరి కొంపా మునగదు.

రాఘవరావు, జయనగర్: శేషు గారూ, 1848లో అర పెట్టె తేడా లెక్కలోకి రాదు, 1.8లో ఆ తేడాయే సగం నిర్ణయం. అనూష గారి అంకెలనే చూడండి. రెండు పెద్ద బండ్లంటే 20 లక్షలు, అంటే డబ్బే చాలదు. కిందికి దించి ఒక్కటే కొంటే 150 క్రేట్లు, 8 లక్షలు చేతిలో మిగులుతాయి.

పీన్యా శేషు: ఆ మిగిలిన డబ్బుతో ఒక చిన్న బండి కొనమనండి. 235 క్రేట్లు వస్తాయి. ఈపాటి ఇంగితం అందరికీ ఉంటుంది.

రాఘవరావు, జయనగర్: ఉంటుంది, కానీ సరైన జవాబు అక్కడ లేదు. మూడు చిన్న బండ్లు కొంటే సరిగ్గా 18 లక్షలు, 255 క్రేట్లు. భిన్నంలో కొనగలిగినంత వరకు లక్షకు 15 క్రేట్లు మోసే పెద్ద బండే మేలు, ఎందుకంటే చిన్నది లక్షకు 14 పైచిలుకే మోస్తుంది. నిండు బండ్లుగానే కొనాలన్న షరతు రాగానే, డబ్బు మిగలకుండా ఖర్చవడం ఆ తేడా కంటే విలువైనదైపోయింది. అందువల్ల సాల్వర్ మొదట సున్నా అన్న బండే చివరికి మొత్తం జవాబైంది, 1.8 చుట్టుపక్కల ఎంత వెతికినా అది దొరకదు.

చెన్నై నుంచి మాధవి: నా అనుభవం ఇంకా ఘోరం. ఒక సరుకు రవాణా సంస్థలో ఏ గోడౌన్లు అద్దెకు తీసుకోవాలో లెక్క వేయించారు. అద్దె నెలకు 60,000. గోడౌన్ తెరిస్తే 1, లేకపోతే 0. పంపే సరుకు 5000 ఇంటూ ఆ అంకెకు మించరాదని షరతు. ఒక గోడౌన్ నుంచి సరుకు వెళ్లే పేటకు 400 క్రేట్లే కావాలి కనుక సాల్వర్ ఆ గోడౌన్‌ను 0.08 వంతు తెరిచి, అద్దె 4,800 అని తేల్చింది! సలహాదారు దాన్ని సున్నాగా రౌండ్ చేశాడు. మూసిన గోడౌన్ గుండా 400 క్రేట్లు వెళ్లాలని పట్టికలో మిగిలింది; మాటలు పడ్డది మాత్రం నేను.

రాఘవరావు, జయనగర్: అక్కడ రౌండింగ్ కంటే ముందే పొరపాటు జరిగింది. ఆ పేటకు 400కు మించి అవసరం లేనప్పుడు 5000 బదులు 400 అని రాసి ఉంటే, భిన్నాలను ఒప్పుకునే సడలించిన లెక్కలోనే గోడౌన్ పూర్తిగా తెరుచుకుని అసలు అద్దె కనిపించేది.

పీన్యా శేషు: అందరూ నన్ను దోషిని చేస్తున్నారు. నా లెక్కల్లో భిన్నాలు రావడమే అరుదు, వచ్చినా ఏనాడూ ఇబ్బంది కలగలేదు.

రాఘవరావు, జయనగర్: మీది కేవలం ఇక్కడి నుంచి అక్కడికి పంపే లెక్క. సరఫరా, గిరాకీ పూర్ణాంకాలైతే సాల్వర్ జవాబు తీసుకునే దాని మూలల్లో భిన్నమే ఉండదు, అది ఆ షరతుల నిర్మాణం చేసే మేలు. గిరాకీ అంచనాలో దశాంశాలుంటేనే మీకు 1847.6 వస్తుంది. దానికి బడ్జెట్ షరతు ఒక్కటి కలిపి చూడండి, ఆ హామీ పోతుంది.

పీన్యా శేషు: సరే, అసలు మాట చెబుతాను. వందల బండ్ల లెక్కను పూర్ణాంకాలుగా నడిపితే సాల్వర్ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది, నా లారీలు తెల్లవారుజామున బయలుదేరాలి. పుస్తకాల్లో రెండు బండ్ల ఉదాహరణలు చూపించేవారికి ఆ బాధ తెలియదు.

రాఘవరావు, జయనగర్: ఈ బాధ నిజమైనదే, మొదటే చెప్పి ఉండాల్సింది. సాల్వర్‌ను చివరిదాకా నడపనక్కరలేదు. అది పెద్ద బండ్లు ఒకటికి మించవు, లేదా రెండుకు తగ్గవు అని లెక్కను రెండుగా చీలుస్తుంది. రెండో వైపు డబ్బు చాలదు; మొదటి వైపు ఎంత చేసినా 263 క్రేట్లు దాటవు. మధ్యలో ఆపినా, చేతిలో ఉన్న జవాబు 255, పైహద్దు 263 అని రెండంకెలూ కనబడతాయి. చేత్తో రౌండ్ చేసినప్పుడు పైహద్దు 270 తెలిసినా, అసలైన మేలు జవాబు దానికి ఎంత దూరంలో ఉందో తేల్చేవారు ఉండరు.

పీన్యా శేషు: నా గిరాకీ అంచనాయే పది శాతం అటూ ఇటూ అవుతుంటే, 235కూ 255కూ తేడా గురించి ఎందుకు తల బద్దలు కొట్టుకోవాలి?

చెన్నై నుంచి మాధవి: క్రేట్ల విషయంలో ఒప్పుకుంటాను. కానీ 18 లక్షలు అంచనా కాదు కదండీ.

వైట్‌ఫీల్డ్ అనూష: కాదు, బ్యాంకు ఇచ్చింది అంతే. అయితే మూడు చిన్న బండ్లకు ముగ్గురు డ్రైవర్లు కావాలి, వారి జీతాలు నేను లెక్కలో పెట్టనేలేదు. పెట్టి మళ్లీ నడుపుతాను.