ఓడేవాడికి గేమే చాటుగా చెయ్యందిస్తే ఆ గెలుపు ఎవరిది?

గాజువాక గిరి: మనం సరిగ్గా ఆడకపోతే కొన్ని గేములు చెప్పకుండా శత్రువుల్ని బలహీనం చేస్తాయట. బాగా ఆడితే బలపరుస్తాయట. మెనూలో మాత్రం నార్మల్ అనే కనిపిస్తుంది. ఇది ఆడేవాణ్ణి మోసం చేయడం కాదా?

బీచ్ రోడ్డు బాబ్జీ: మోసమేటి గురూ? అన్ని గేములూ చేసేదే. కారు రేసుల్లో నువ్వు వెనకబడితే ముందున్న కార్లు స్పీడు తగ్గించుకోవా? లెఫ్ట్ 4 డెడ్ కూడా అంతే, నీకు రక్తం తగ్గితే జాంబీలు మెత్తబడతాయి. ఆడి ఎంజాయ్ చెయ్, లెక్కలు దేనికి?

కంచరపాలెం కిట్టు: నేను బాధితుణ్ణి. ఫోన్లో రంగు బిళ్లలు కలిపే ఒక గేము ఆడుతున్నా. అరవై లెవెళ్లు మంచినీళ్లలా సాగాయి. తర్వాత ఒకే లెవెల్లో ఎనిమిది రోజులు. విసుగొచ్చి 99 రూపాయలు కట్టాను, దాటింది. మూడు లెవెళ్లకి మళ్లీ అదే కథ. దొంగలు.

ఎంవీపీ సింధు: కిట్టూ, ఆ లెవెల్ అందరికీ ఒకేలా కష్టంగా చేసి పెట్టి ఉండొచ్చు. నీ ఆట చూసి మారిందని నీ ఒక్కడి అనుభవంతో తేలదు. నీకూ నీ తమ్ముడికీ అదే లెవెల్ వేరుగా వస్తోందని చూపిస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

బాబ్జీ గారూ, లెఫ్ట్ 4 డెడ్ విషయంలో సగమే చెప్పారు. అందులో గేము చూసేది కలిసి ఆడే నలుగురి టెన్షన్‌ని. దెబ్బలు తగులుతూ, దగ్గర్లో జాంబీలు పడుతూ ఉంటే ఆ టెన్షన్ లెక్క పెరుగుతుంది. ఒక హద్దు దాటాక గుంపుల్ని ఆపి అర నిమిషం, ముప్పావు నిమిషం ఊపిరి తీసుకోనిస్తుంది. గుంపు ఎప్పుడు వస్తుందనేదే మారుతుంది, వచ్చిన జాంబీ మాత్రం మెత్తబడదు. మార్చేది వేగాన్ని, కష్టాన్ని కాదు అని తయారుచేసిన వాల్వ్ వాళ్లే చెప్పారు.

గిరి అడిగినదానికి సరైన ఉదాహరణ 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4. నార్మల్‌లో ఆడుతుంటే లోపల 1 నుంచి 10 దాకా ఒక అంకె నడుస్తూ ఉంటుంది, తెర మీద ఎక్కడా కనపడదు. దెబ్బ తినకుండా వరసగా కొడుతూ పోతే అది పైకి పాకుతుంది. దెబ్బలు తింటే దిగుతుంది, చస్తే బాగా దిగుతుంది. అంకె పైనుంటే శత్రువులైన ఊరివాళ్లు తెగించి మీద పడతారు, వాళ్ల దెబ్బ గట్టిగా తగులుతుంది, కూలడానికి ఎక్కువ తూటాలు పడతాయి. కొన్నిచోట్ల చచ్చి మళ్లీ వస్తే ఇందాక ఉన్నవాళ్లలో కొందరు అసలు ఉండరు. అన్నిటికన్నా కష్టమైన ప్రొఫెషనల్ మోడ్‌లో మాత్రం అంకె పైనే బిగిసిపోయి ఉంటుంది.

రిటైర్డ్ మాస్టారు: మా మనవడు ఎప్పుడూ ఈజీ పెట్టుకునే ఆడతాడు. కష్టం అలవాటు కావాలని నేనే హార్డ్ పెట్టాను. రెండు రోజులు అన్నం మానేశాడు.

ఎంవీపీ సింధు: మాస్టారూ, అది మీరు చూసి ఎంచుకున్నది. ఇక్కడి గొడవ మనకి చెప్పకుండా మారేదాని గురించి.

రిటైర్డ్ మాస్టారు: అయితే క్యారమ్స్‌లో నేను వాడికి తెలియకుండా ఓడిపోయినట్టా?

గాజువాక గిరి: సరిగ్గా అదే మాస్టారూ! పెద్దయ్యాక వాడికి తెలిస్తే ఎలా ఉంటుంది? సింధు అక్కా, ఎలా పనిచేస్తుందో చెప్పావు. దాచడమెందుకో చెప్పలేదు.

ఎంవీపీ సింధు: చూపిస్తే జనం దాంతోనే ఆడుకుంటారు. చస్తే తేలికవుతుందని తెలిసినవాడు కావాలని చస్తాడు. "నీకు చేతకావట్లేదు, తగ్గించాను" అని గేము మొహం మీదే అంటే బాగుండదు కూడా.

బీచ్ రోడ్డు బాబ్జీ: అదే నేనూ అంటున్నా. తెలిస్తే మజా పోతుంది.

గాజువాక గిరి: మజా పోయింది నాకు బాబ్జీ, నీకు కాదు! అందరికీ చెప్పేస్తున్నా. కిందటి నెల మా గేమింగ్ సెంటర్లో పోటీ పెట్టారు. రెసిడెంట్ ఈవిల్ 4, నార్మల్, మొదటినుంచి సరస్సులో ఆ పెద్ద జీవిని చంపేదాకా ఎవరు ముందు చేరితే వాళ్లకి రెండు వేలు. పక్క సిస్టమ్ ఈ బాబ్జీది. మొదటి ఊళ్లోకి అడుగు పెట్టగానే రంపం వాడికి ఎదురెళ్లి మెడ అప్పగించాడు. రెండుసార్లు! నేను నవ్వాను కూడా. తర్వాత ఇతను మూడు తూటాలకి పడగొట్టిన మనిషికి నాకు ఐదారు పట్టాయి. నాలుగు నిమిషాల తేడాతో గెలిచాడు. నేను ఒక్కసారీ చావలేదు.

కంచరపాలెం కిట్టు: 😂😂 ఇదా సంగతి

బీచ్ రోడ్డు బాబ్జీ: చావకూడదని రూల్ ఉందా? స్టాప్‌వాచ్ ఆగలేదు కదా, చచ్చిన టైము నా ఖాతాలోనే పడింది. గేము గురించి నాకు తెలుసు, నీకు తెలీదు. తెలుసుకోవడం కూడా ఆటలో భాగమే బాబూ.

గాజువాక గిరి: పైన "లెక్కలు దేనికి" అన్నది ఎవరు?

ఎంవీపీ సింధు: గిరీ, కోపం పక్కన పెట్టి ఒక్కటి చూడు. ఆ మూడు తూటాల సాక్ష్యం నిలబడదు. ఈ గేములో తలకి తగిలిన తూటా ఒక్కోసారి అదృష్టం కొద్దీ అక్కడికక్కడే పేల్చేస్తుంది. ఒకే రకం మనుషుల్లో కూడా ప్రాణం కాస్త అటూ ఇటూ ఉంటుంది. నిజంగా తేల్చాలంటే ఒకే సేవ్ నుంచి, ఒకే పిస్తోలుతో, అప్‌గ్రేడ్ ఏమీ లేకుండా, ఛాతీకి మాత్రమే కొట్టి ఒక ఇరవై మందికి తూటాలు లెక్కపెట్టు. తర్వాత నాలుగైదు సార్లు చచ్చి, కంటిన్యూ నొక్కి మళ్లీ ఇరవై మందికి లెక్కపెట్టు. ఒకరిద్దరితో ఏమీ తెలీదు. దొరికే తూటాల డబ్బాలతో కూడా పోల్చకు, నీ దగ్గర ఏం తక్కువుందో చూసి గేము వాటిని ఇస్తుంటుంది.

ఆ నాలుగు నిమిషాల్లో రెండు చావులు ఎంత కలిసొచ్చాయో, బాబ్జీ గారి చెయ్యి ఎంతో ఇప్పుడు ఎవరూ విడదీయలేరు.

బీచ్ రోడ్డు బాబ్జీ: చెయ్యే.

గాజువాక గిరి: నాకు రెండు వేల బాధ కాదక్కా. ఒక్కసారీ చావకుండా వచ్చినందుకు గేము నన్ను శిక్షించింది, నాకా ముక్క చెప్పలేదు. ఇద్దరం నార్మల్ ఆడామని బోర్డు మీద రాశారు. ఇద్దరం ఆడింది ఒకే ఆట కాదు.

ఎంవీపీ సింధు: ఈ మాట ఒప్పుకుంటాను. ఒంటరిగా ఇంట్లో ఆడేవాడికి దాచడం మేలే అని ఇప్పటికీ అంటాను. ఇద్దర్ని పోల్చాల్సి వస్తే మాత్రం అది కుదరదు. ఈ గేము తీసిన షింజి మికామీయే 2006లో గాడ్ హ్యాండ్ తీశాడు. అందులోనూ ఆటని బట్టి కష్టం మారుతుంది, కానీ లెవెల్ తెర మీదే కనిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు, ఆపైన "డై". పై లెవెల్లో కొట్టినవాళ్లకి డబ్బు ఎక్కువ. అక్కడ బాబ్జీ గారిలా కిందికి దిగితే జేబుకి చిల్లు పడుతుంది. మీ సెంటర్ వాళ్లు ప్రొఫెషనల్ పెట్టి ఉంటే ఈ తగువే లేదు.

బీచ్ రోడ్డు బాబ్జీ: ప్రొఫెషనల్ పెడితే సగం మంది సరస్సు దాకా రారు, వాడికి ఎంట్రీ ఫీజు ఎవడు కడతాడు? దాచడం తప్పయితే గేము చేసినోణ్ణి అనండి, నన్నెందుకు?

రిటైర్డ్ మాస్టారు: రంపం వాడి ముందు నిలబడినప్పుడు నీకు తెలుసు కదా నాయనా.

బీచ్ రోడ్డు బాబ్జీ: తెలుసు మాస్టారూ. అందరికీ తెలుసనే అనుకున్నా.

గాజువాక గిరి: అబద్ధం. నేను నవ్వితే నువ్వూ నాతో కలిసి నవ్వావు, "అయ్యో పోయాను" అన్నావు.

కంచరపాలెం కిట్టు: నా 99 రూపాయల సంగతి ఎవరైనా చూస్తారా?